క్లయింట్లు ఎందరైనా బిల్లు నంబర్ల వరస ఒక్కటే

ప్రశ్న: రాజమండ్రి నుంచి ఫ్రీలాన్స్‌గా డిజైన్, వీడియో ఎడిటింగ్ చేస్తాను. హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీ, బెంగళూరులో ఒక స్టార్టప్, విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్, మా ఊళ్లో ఒక చీరల షాపు, డాలస్‌లో వంటల యూట్యూబ్ ఛానల్ నడిపే ఒకావిడ నా క్లయింట్లు. ఒక్కొక్కరికి విడిగా 1, 2, 3 అని బిల్లు నంబర్లు వేస్తూ వచ్చాను. ఇప్పుడు స్టార్టప్ అకౌంట్స్ వాళ్లు ‘ఈ నంబరుతో పోయిన ఏడాదే బిల్లు ఉంది’ అని తిప్పి పంపారు. ఏజెన్సీ నుంచి 43,200 పడింది, నేను వేసిన ఏ బిల్లూ అంత లేదు. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. నంబర్లు ఎలా వేయాలి? నెలనెలా బిల్లులు ఒక పద్ధతిలో ఎలా నడపాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఆ 43,200 లెక్క చూద్దాం. దాన్ని 0.9తో భాగించండి, 48,000 వస్తుంది. ఏజెన్సీకి పంపిన బిల్లుల్లో కలిపితే 48,000 అయ్యేవి ఉన్నాయేమో వెతకండి. ఒకటి 30,000, ఇంకొకటి 18,000 ఉన్నాయనుకోండి, ఆ రెండిటికీ కలిపి ఒకేసారి డబ్బు వేసి, పది శాతం టీడీఎస్ పట్టుకున్నారని దాదాపు ఖాయం. ప్రొఫెషనల్ ఫీజు కింద ఒక కంపెనీ మీకు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే ఆ పది శాతం పట్టుకుని, మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. ఏడాదిలో ఎలాగూ దాటుతుందనుకున్న అకౌంటెంట్లు మొదటి బిల్లు నుంచే పట్టడం మామూలే. 0.9తో కుదరకపోతే 0.98, 0.99తో కూడా చూడండి. మీ పనిని టెక్నికల్ సర్వీసుగా రాసుకుంటే రెండు శాతం, కాంట్రాక్టు పనిగా రాసుకుంటే ఒక శాతం పడుతుంది. ఊహలతో పనిలేకుండా తేలాలంటే ఏజెన్సీ అకౌంట్స్‌ని ‘పేమెంట్ అడ్వైజ్ పంపండి’ అని అడగండి. ఏ బిల్లుకు ఎంత, అందులో టీడీఎస్ ఎంత అన్నది దాంట్లో వరసగా ఉంటుంది.

అయితే ఆ అడ్వైజ్‌లో ‘బిల్లు నం. 3’ అని ఉంటే, మీ దగ్గర మూడో నంబరు బిల్లులు ఎన్ని ఉన్నాయి? క్లయింటుకొకటి, పైగా పోయిన ఏడాదివి వేరే. మీ తంటా అంతా ఇక్కడే ఉంది.

క్లయింటుకో వరస మానేయండి. డాక్టరు దగ్గర టోకెన్లు జ్వరానికి ఒక వరస, దగ్గుకు ఒక వరస అని ఇవ్వరు కదా, ఎవరు వస్తే వాళ్లకు తర్వాతి నంబరు. మీరూ అంతే. ఈ బిల్లు ఎవరిది అన్నది బిల్లులో పేరు చెబుతుంది, నంబరు చెప్పక్కర్లేదు. ఐదు వరసలుంటే ఐదు ‘చివరి నంబర్లు’ గుర్తుంచుకోవాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఒక బిల్లు పంపడం మర్చిపోయినా, పంపినది ఎక్కడో పోయినా మీకు తెలియదు. ఒకే వరసలో 16 తర్వాత 18 ఉంటే 17 ఏమైందని కన్ను అక్కడే ఆగుతుంది.

నంబరు ఇలా ఉంటే చాలు:

```
2627-014
```

2026-27 ఆర్థిక సంవత్సరంలో పద్నాలుగో బిల్లు అని దానర్థం. ఏప్రిల్ 1న 2728-001తో కొత్త వరస మొదలవుతుంది. సంవత్సరం నంబరులోనే ఉంది కాబట్టి స్టార్టప్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ‘ఇది పోయిన ఏడాదే వచ్చింది’ అని ఇక తిప్పి పంపదు. చాలా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకే వెండర్ నుంచి ఒకే నంబరు రెండోసారి వస్తే ఒప్పుకోవు, లేదా హెచ్చరిక చూపిస్తాయి. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు పోకుండా ఆ కట్టుబాటు. 26-27/014 అని గీత పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు, తప్పేం కాదు. కానీ విండోస్‌లో ఫైలు పేరులో ఆ ఏటవాలు గీత పెట్టనివ్వదు. అప్పుడు బిల్లు మీద ఒక నంబరు, పీడీఎఫ్ పేరులో ఇంకో రకం నంబరు అవుతాయి. వెతికేటప్పుడు విసుగు. అందుకే అడ్డగీతే మేలంటాను. సున్నాలు కూడా ఊరికే పెట్టినవి కావు. 014 అని మూడంకెలు ఉంటేనే ఫైళ్లు ఫోల్డర్‌లో సరైన వరసలో నిలబడతాయి.

నంబరులో క్లయింటు పేరులోని అక్షరాలు, నెల, ప్రాజెక్టు కోడు ఇరికించాలని మనసు లాగుతుంది. వద్దు. జీఎస్టీ నిబంధనల్లో 46వ రూలు ప్రకారం ఇన్వాయిస్ నంబరు 16 క్యారెక్టర్లు దాటకూడదు, వరసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, అక్షరాలు, అంకెలు కాక అడ్డగీత, ఏటవాలు గీత మాత్రమే వాడాలి. ఒకటికి మించి వరసలు పెట్టుకోవచ్చనీ అదే రూలు ఒప్పుకుంటుంది, కానీ అది నాలుగు బ్రాంచీలున్న వ్యాపారానికి పనికొచ్చే సంగతి. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఈ రూలు ఇవాళ మిమ్మల్ని పట్టదు. రేపు రిజిస్టర్ అయితే మాత్రం అలవాటు మార్చుకోకుండా సరిపోతుంది. సేవలకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ హద్దు ఏడాదికి 20 లక్షల టర్నోవర్. డాలస్ నుంచి వచ్చేదీ అందులో కలుస్తుందని గుర్తుంచుకోండి. అప్పటిదాకా మీ కాగితం మీద ‘టాక్స్ ఇన్వాయిస్’ అని రాయకూడదు, జీఎస్టీ వసూలు చేయకూడదు. ‘ఇన్వాయిస్’ అని రాసి, కింద ‘జీఎస్టీలో నమోదు కాలేదు’ అని ఒక వాక్యం పెడితే అవతలి అకౌంటెంట్ మళ్లీ మళ్లీ అడగడు. రిజిస్ట్రేషన్ వచ్చిన రోజు నుంచి G2627-001 అని కొత్త వరస మొదలుపెడితే పన్ను ఉన్న బిల్లులు, లేని బిల్లులు కలిసిపోవు.

001తో మొదలుపెడితే కొత్తవాళ్లమని తెలిసిపోతుందని కొందరు 101తో మొదలుపెడతారు. నిబంధన వరసగా ఉండమంటుంది గానీ ఒకటితోనే మొదలవ్వాలనదు. మీ ఇష్టం. ఏప్రిల్‌లో అందరి బిల్లులూ చిన్న నంబర్లతోనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

నంబరు ఎలా ఉండాలన్నదాని కంటే దాన్ని ఎప్పుడు ఇస్తున్నారన్నది ముఖ్యం. బిల్లు డ్రాఫ్టుగా ఉన్నంతసేపు నంబరు గడి ఖాళీగా ఉంచండి. పీడీఎఫ్ చేసి పంపే నిమిషంలోనే బిల్లులన్నీ రాసుకునే రిజిస్టర్ తెరిచి, చివరి నంబరు చూసి, తర్వాతిది వేసి, ఆ వరుస నింపి, అప్పుడు పంపండి. డ్రాఫ్టుకు ముందే నంబరు ఇచ్చేస్తే క్లయింటు ‘ఈ నెల వద్దు, వచ్చే నెల వేయండి’ అంటారు, వరసలో చిల్లు పడుతుంది. కొటేషన్లకు, ప్రొఫార్మాలకు ఈ వరస అసలు వాడకండి. వాటికి Q2627-01 అని వేరే పెట్టుకోండి. పది కొటేషన్లు పంపితే నాలుగు పనులే వస్తాయి, మిగతా ఆరు నంబర్లు గాల్లో వేలాడతాయి.

ఒకసారి క్లయింటుకు చేరిన నంబరుతో ఇంకో రూపంలో కాగితం పంపకూడదు. పాత పీడీఎఫ్‌లోనే అంకె మార్చి మళ్లీ పంపితే, వాళ్ల దగ్గర ఒకే నంబరుతో రెండు బిల్లులు ఉంటాయి. ఏది పద్దులో ఎక్కిందో మీకు తెలియదు. తప్పు వెంటనే కనబడి, వాళ్లు ఇంకా పద్దు రాసుకోకపోతే, పాతది రద్దు అని మెయిల్ రాసి కొత్త నంబరుతో కొత్త బిల్లు పంపండి. రిజిస్టర్‌లో పాత వరుస తీసేయకుండా ‘రద్దు’ అని రాసి, మొత్తం సున్నా చేయండి. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకండి. వాళ్లు అప్పటికే పద్దు రాసేసుకుంటే తగ్గించాల్సిన మొత్తానికి CN2627-01 అని క్రెడిట్ నోటు ఇవ్వండి, అందులో అసలు బిల్లు నంబరు రాయండి.

ఇక రిజిస్టర్. గూగుల్ షీట్స్ గానీ ఎక్సెల్ గానీ ఏదైనా ఒకటి చాలు. పది కాలమ్‌లు పెట్టుకోండి: నంబరు, తేదీ, క్లయింట్, పని, మొత్తం, గడువు తేదీ, డబ్బు వచ్చిన తేదీ, వచ్చిన మొత్తం, టీడీఎస్, బాకీ. మొదటి కాలమ్‌ను ముందే ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే అడ్డగీతలున్న అంకెల్ని అది తేదీ అనుకునే ప్రమాదం ఉంది. నంబరు చేత్తోనే టైప్ చేయండి. ఫార్ములాతో నంబర్లు పుట్టిస్తే, ఒకరోజు క్లయింటు పేరు ప్రకారం షీటు సార్ట్ చేయగానే పంపిన బిల్లుల నంబర్లన్నీ తారుమారవుతాయి. బాకీ కాలమ్‌కు మాత్రం ఫార్ములా పెట్టండి:

```
=E2-H2-I2
```

వేసిన మొత్తంలోంచి వచ్చింది, టీడీఎస్ తీసేస్తే మిగిలేది ఎంతో అదే చూపిస్తుంది. సున్నా అయితే ఆ బిల్లు ముగిసినట్టు. మొత్తాల కాలమ్ కింద కూడిక పెడితే 20 లక్షలకు ఎంత దూరంలో ఉన్నారో కూడా అక్కడే కనిపిస్తుంది.

జూన్ నెల బిల్లులు ఎలా నడుస్తాయో చూద్దాం. ఏజెన్సీకి ఆ నెల 30,000 పని చేశారు, స్టార్టప్‌కు 25,000. కోచింగ్ సెంటర్ కొత్త బ్రోషర్‌కు సగం అడ్వాన్సు 12,000 ఇస్తామంది. చీరల షాపు ఆషాఢం సేల్ పోస్టర్లు 8,000. డాలస్ ఆవిడ వీడియోలు డాలర్లలో.

జూన్ 25న బిల్లులు చేయకండి. ఆ రోజు ఒక్కొక్కరికి ‘ఈ నెల చేసినవి ఇవి, ఇంత అవుతుంది, సరేనా?’ అని నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. ‘ఆ మూడో రీల్ మేం వాడలేదు కదా’ లాంటి పేచీలు ఉంటే ఇక్కడే తేలిపోతాయి. బిల్లు వెళ్లాక తేలితే అది రద్దు, కొత్త నంబరు, ఇంకో వారం ఆలస్యం. స్టార్టప్ వాళ్లను పీఓ నంబరు, అంటే వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబరు కూడా అప్పుడే అడగండి. అది లేని బిల్లును చాలా కంపెనీల్లో పక్కన పడేస్తారు, మీకు చెప్పను కూడా చెప్పరు.

జూన్ 30న ఒకే కూర్చోవడంలో అన్నీ పంపండి. 2627-014 ఏజెన్సీ, 015 స్టార్టప్, 016 కోచింగ్ సెంటర్, 017 షాపు, 018 డాలస్. అడ్వాన్సుకు విడిగా బిల్లు, పని పూర్తయ్యాక మిగతా సగానికి ఇంకో బిల్లు. రెండో దానిలో ‘అడ్వాన్సు 2627-019 ద్వారా బిల్లు అయింది’ అని రాయండి. 016 కాకుండా 019 అన్నానేమిటంటే, కోచింగ్ సెంటర్ వాళ్లు మర్నాడే ఫోన్ చేసి ‘బిల్లు సెంటర్ పేరు మీద కాదండీ, ట్రస్టు పేరు మీద కావాలి’ అన్నారనుకుందాం. అలాంటివి అవుతూనే ఉంటాయి. అప్పుడు 016 రద్దు, 019 కొత్తది. రిజిస్టర్‌లో రెండూ ఉంటాయి.

పంపేది అకౌంట్స్ మెయిల్‌కు, కాపీ మీతో పని చేయించుకున్న మనిషికి. వాట్సాప్‌లో పంపితే ఆయన చూస్తాడు, సరేనంటాడు, అకౌంట్స్‌కు పంపడం మర్చిపోతాడు. మెయిల్ సబ్జెక్టులో బిల్లు నంబరు, నెల ఉండాలి. ప్రతి క్లయింటునూ ఒక్కసారి అడిగి తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది: బిల్లు ఏ తేదీలోగా అందాలి, వాళ్లు డబ్బు వేసేది ఏ తేదీల్లో. ‘అయిదో తారీఖులోగా వస్తే ఇరవై అయిదున వేస్తాం’ అనే ఆఫీసుకు మీరు ఏడో తారీఖున పంపితే నెల పోయినట్టే.

బిల్లు మీద ‘30 రోజుల్లో’ అని కాకుండా ‘చెల్లించాల్సిన తేదీ: 30 జులై 2026’ అని రాయండి. లెక్క ఎప్పటి నుంచి మొదలైందన్న వాదన ఉండదు. గడువు ఎంత పెట్టాలన్నది మాట్లాడుకున్న దాన్ని బట్టి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీరు చేసుకుని ఉంటే, అది ఉచితమే, ఎంఎస్ఎంఈ చట్టం మీకు అండగా ఉంటుంది. రాతపూర్వకంగా గడువు ఒప్పుకోకపోతే 15 రోజుల్లో, ఒప్పుకున్నా 45 రోజులు మించకుండా ఇవ్వాలి. పైగా ఆ గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని వాళ్లు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలరు. అందుకే ఉద్యమ్ నంబరు బిల్లు మీద కనబడితే మార్చిలో అకౌంటెంట్లే గుర్తు చేసుకుని వేస్తారు. చీరల షాపు మీద దీన్ని ప్రయోగించమని అననులెండి. అక్కడ యూపీఐ క్యూఆర్ బిల్లు మీద ముద్రించి, నోట్‌లో ‘017’ అని రాయమంటే సరిపోతుంది.

తర్వాత వారానికి ఒక రోజు, సోమవారం పొద్దున అనుకోండి, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక పక్క, రిజిస్టర్ ఒక పక్క పెట్టుకుని కూర్చోవాలి. వచ్చిన ప్రతి మొత్తం ఏదో ఒక బిల్లు నంబరు పక్కన చేరాలి. జులై 27న ఏజెన్సీ నుంచి 27,000 పడింది. 014 వరుసలో వచ్చినది 27,000, టీడీఎస్ 3,000, బాకీ సున్నా. షాపు ఆయన 5,000 పంపి ‘మిగతాది వచ్చే వారం చూద్దామమ్మా’ అన్నాడు. 017లో 5,000, బాకీ 3,000. డాలస్ డబ్బు బ్యాంకు చార్జీలు పోగా కాస్త తక్కువ పడుతుంది. ఆ తేడాను బాకీగా ఉంచి ఆవిడను అడక్కండి, ‘చార్జీలు’ అని పక్కన రాసి ముగించండి. వచ్చే ఒప్పందంలో చార్జీలు ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోవచ్చు. ఏ బిల్లుకూ అతకని మొత్తం వస్తే ఆ రోజే అకౌంట్స్‌కు మెయిల్ పెట్టండి. రెండు నెలలాగితే వాళ్లకూ గుర్తుండదు.

అదే సోమవారం, గడువు మూడు రోజుల్లో ఉన్నవాళ్లకు ఒక మాట, దాటినవాళ్లకు ఒక మాట. పెద్ద ఉత్తరం అక్కర్లేదు: ‘నమస్తే అండీ. ఇన్వాయిస్ 2627-015, రూ. 25,000, గడువు జులై 30న అయింది. ఏ తేదీన పడుతుందో చెబుతారా? కాపీ మళ్లీ జతచేశాను.’ ‘ఎప్పుడు వేస్తారు’ అంటే ‘త్వరలో’ అంటారు. తేదీ అడిగితే తేదీ చెబుతారు, ఆ తేదీని రిజిస్టర్‌లో రాసుకోవచ్చు. చెప్పిన తేదీ కూడా దాటితే కొత్త పని మొదలుపెట్టే ముందు పాతది తేల్చమని అడగడానికి మొహమాటపడకండి. అలా అడగడం మామూలు విషయమే.

టీడీఎస్ మీద ఇంకో తనిఖీ ఉంది. పట్టుకున్నానన్న క్లయింటు నిజంగా కట్టాడో లేదో ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పట్టినదానికి వాళ్లు జులై 31లోగా స్టేట్‌మెంట్ వేయాలి. కాబట్టి ఆగస్టు మూడో వారంలో మీ రిజిస్టర్‌లో టీడీఎస్ కాలమ్ కూడిక, పోర్టల్‌లోది పక్కపక్కన పెట్టి చూడండి. ఏజెన్సీ పేరు మీద 3,000 కనబడకపోతే టీడీఎస్ సర్టిఫికెట్ అడగండి. ఎక్కువసార్లు పాన్ ఒక అక్షరం తప్పు పడటమే కారణంగా తేలుతుంది. కాబట్టి బిల్లు మీద పాన్ స్పష్టంగా ఉండాలి.

ఇప్పుడున్న పాత బిల్లుల్ని తిరగరాయకండి. వాటిలో డబ్బు రానివి మాత్రం పాత నంబర్లతోనే రిజిస్టర్ పైభాగంలో రాసి, పక్కన క్లయింటు పేరు, తేదీ పెట్టండి. స్టార్టప్ తిప్పి పంపిన బిల్లు మాత్రం పాత నంబరు రద్దని రాసి, కొత్త వరసలో మొదటి బిల్లుగా ఇవాళ్టి తేదీతో పంపండి.

మార్చిలో మాత్రం నెలాఖరు దాటనివ్వకండి. మార్చి 31 నాటికి అయిన పనికి ఆ రోజే బిల్లు వేసేయండి. ఏప్రిల్ 4న వేస్తే అది 2728 వరసలోకి, వచ్చే ఏడాది ఆదాయంలోకి పోతుంది. అవతల కంపెనీ మార్చి 31కే ఆ ఖర్చు రాసుకుని టీడీఎస్ పట్టేస్తుంది, పోర్టల్‌లో ఒక ఏడాది, మీ పద్దులో ఇంకో ఏడాది కనిపిస్తాయి. ‘పాత తేదీ వేసి పంపండి’ అని ఏప్రిల్‌లో ఫోన్ వస్తే వద్దనండి, అప్పటికే 2728-001 ఇంకెవరికో వెళ్లిపోయి ఉంటుంది.